సీసా, గ్లాసు, పెగ్గు: బీరు, వైన్, విస్కీలను ఒకే కొలతలో పోల్చడం ఎలా

ముగ్గురు ఒక బల్ల దగ్గర కూర్చున్నారనుకోండి. ఒకరు 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు సీసా ఒకటి ఖాళీ చేశారు. రెండో వ్యక్తి పెద్ద గ్లాసులో రెండు సార్లు రెడ్ వైన్ పోసుకున్నారు. మూడో వ్యక్తి 60 మి.లీ. చొప్పున రెండు విస్కీలు తాగారు. ఎవరెంత తాగారని అడిగితే ‘ఒక్క బీరే’, ‘రెండు గ్లాసుల వైన్’, ‘రెండు పెద్ద పెగ్గులు’ అనే మూడు జవాబులు వస్తాయి. వినేవాళ్లకు బీరు తాగిన మనిషి అందరికంటే తక్కువ తాగినట్టు, విస్కీ మనిషి ఎక్కువ తాగినట్టు అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే ముగ్గురి ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్ దాదాపు సమానం. ఆ లెక్క ఎలా వేయాలో, ఎక్కడ తప్పుతుందో ఇక్కడ ఒక్కో మెట్టుగా చూద్దాం. కావలసింది లేబుల్ మీది శాతం, గ్లాసులోకి పోసిన మిల్లీలీటర్లు. మొదటిది సీసా మీదే ఉంటుంది. రెండోదాని దగ్గరే అందరూ పొరబడతారు.

మొదటి మెట్టు: లేబుల్ మీది శాతం

సీసా మీద శాతం గుర్తు పక్కన ఏబీవీ అనో, వి/వి అనో, వాల్ అనో ఉంటుంది. మూడింటి అర్థం ఒకటే: 100 మి.లీ. పానీయంలో ఎన్ని మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉందో ఆ అంకె చెబుతుంది. 5 శాతం బీరు 100 మి.లీ.లో 5 మి.లీ. ఆల్కహాల్, 40 శాతం విస్కీ 100 మి.లీ.లో 40 మి.లీ. ఆల్కహాల్. ఇది ఘనపరిమాణంలో చెప్పిన శాతమే తప్ప బరువులో చెప్పింది కాదు. ఈ తేడా తర్వాతి మెట్టులో పనికొస్తుంది.

ఏ రకం ఏ శాతంలో ఉంటుందో స్థూలంగా తెలిసి ఉంటే లేబుల్ మీద వింత అంకె కనబడినప్పుడు అనుమానం వస్తుంది. మామూలు బీరు 4 నుంచి 5 శాతం, స్ట్రాంగ్ బీరు 7, 8 శాతం ఉంటాయి. వైన్ ఎక్కువగా 11 నుంచి 15 మధ్య ఉంటుంది. పులియబెట్టడానికి వాడే ఈస్టు తాను తయారుచేసిన ఆల్కహాల్‌లో తానే బతకలేక సుమారు ఆ దగ్గరే చాలిస్తుంది. అంతకు మించి పోవాలంటే బట్టీ పట్టాలి, లేదా స్పిరిట్ కలపాలి. పోర్టు లాంటి వైన్ 20 శాతం దాకా వెళ్లేది బ్రాందీ కలపడం వల్లే. బట్టీ పట్టిన విస్కీ, బ్రాందీ, రమ్, వోడ్కా, జిన్ సాధారణంగా 37 నుంచి 43 శాతం మధ్య సీసాలోకి ఎక్కుతాయి.

కొన్ని సీసాల మీద ఆల్కహాల్ బలాన్ని చెప్పే ‘ప్రూఫ్’ అనే కొలత ఇంకా కనిపిస్తుంది. ఇక్కడ జాగ్రత్త పడాలి, ఎందుకంటే ప్రూఫులు రెండు రకాలు. అమెరికా ప్రూఫ్ ఏబీవీకి సరిగ్గా రెట్టింపు. 80 ప్రూఫ్ అంటే 40 శాతం, 86 ప్రూఫ్ అంటే 43 శాతం. పాత బ్రిటిష్ పద్ధతిలో 100 ప్రూఫ్ అంటే 57.15 శాతం. అందుకే 75 డిగ్రీల ప్రూఫ్ అని రాసిన సీసా మీద పక్కనే 42.8 శాతం వి/వి అని కూడా ఉంటుంది. 75ని 0.5715తో గుణిస్తే అదే అంకె వస్తుంది. అదే సరుకును ‘25 అండర్ ప్రూఫ్’ అని కూడా రాస్తారు, అంటే 100కి 25 తక్కువ. ఏబీవీ కూడా అచ్చయి ఉంటే ప్రూఫును పట్టించుకోకండి. ప్రూఫ్ ఒక్కటే ఉంటే ముందు ఆ సీసా ఏ పద్ధతిదో తేల్చుకోవాలి.

లేబుల్ మీది అంకెను దశాంశం వరకూ నమ్మకూడదు. చట్టాలే కొంత వెసులుబాటు ఇస్తాయి. అమెరికా నిబంధనల ప్రకారం 14 శాతం లోపు వైన్‌కు అటూ ఇటూ 1.5 శాతం తేడా ఉండొచ్చు. అంటే 12.5 అని రాసిన సీసాలో నిజంగా 13.8 ఉన్నా అది తప్పు లేబుల్ కాదు. స్పిరిట్లకు, బీరుకు ఈ వెసులుబాటు చాలా తక్కువ. కాబట్టి వైన్ విషయంలో మీ జవాబు పదో వంతు అటూ ఇటూ అయినా కంగారు పడనక్కర్లేదు.

రెండో మెట్టు: శాతం నుంచి గ్రాములకు

శరీరం మీద ప్రభావం చెప్పేటప్పుడు, ఆరోగ్య సంస్థలు పరిమితులు రాసేటప్పుడు ఆల్కహాల్‌ను గ్రాముల్లోనే లెక్కిస్తారు. స్వచ్ఛమైన ఆల్కహాల్ నీటికంటే తేలిక. మిల్లీలీటరు నీరు ఒక గ్రాము తూగితే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మిల్లీలీటరు ఆల్కహాల్ 0.789 గ్రాములే తూగుతుంది. సూత్రం ఇది:

```
గ్రాములు = మి.లీ. × శాతం ÷ 100 × 0.789
```

330 మి.లీ. బీరు సీసా, 5 శాతం తీసుకుందాం. 330ని 5తో గుణించి 100తో భాగిస్తే 16.5 మి.లీ. ఆల్కహాల్. దాన్ని 0.789తో గుణిస్తే 13 గ్రాములు.

చాలామంది చేసే తప్పు చివరి గుణకారం మర్చిపోవడం. 16.5 మి.లీ.ని 16.5 గ్రాములుగా రాసేస్తారు. అప్పుడు జవాబు నాలుగో వంతుకు పైగా పెరిగిపోతుంది. ఇంకో తప్పు దీనికి ఎదురు దిక్కున జరుగుతుంది. బరువులో చెప్పిన శాతాన్ని ఏబీవీ అనుకుని లెక్క వేస్తారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చాలాకాలం అమ్మిన ‘3.2 బీరు’ అలాంటిదే. ఆ 3.2 బరువు శాతం, ఘనపరిమాణంలో అది సుమారు 4. పాత పుస్తకాల్లోనో, ప్రయోగశాల నివేదికల్లోనో శాతం చూస్తే అది దేని శాతమో ముందు చూడండి.

కాలిక్యులేటర్ అందుబాటులో లేనప్పుడు ఒక చిట్కా ఉంది. మిల్లీలీటర్లను లీటర్లుగా మార్చి శాతంతో గుణించండి, వచ్చినదాన్ని 8తో గుణించండి. 0.33 × 5 అంటే 1.65, దాన్ని 8తో గుణిస్తే 13.2. అసలు జవాబు 13.0. తేడా నూటికి ఒకటిన్నర లోపే. 0.789 దాదాపు 0.8 కాబట్టి ఇది పనిచేస్తుంది. మనసులో వేసే లెక్కకు ఇంతకంటే ఖచ్చితత్వం అక్కర్లేదు. పోసే చేతి తప్పు దీనికి పదింతలుంటుంది.

మూడో మెట్టు: ఆ ముగ్గురి లెక్క

ఇప్పుడు మొదట్లో చూసిన బల్ల దగ్గరకు వెళ్దాం.

బీరు సీసా 650 మి.లీ., లేబుల్ మీద 8 శాతం. ఆల్కహాల్ 52 మి.లీ., 0.789తో గుణిస్తే 41 గ్రాములు.

వైన్ 13.5 శాతం. రెండు సార్లు పోసుకున్నారు, ప్రతిసారీ 200 మి.లీ. మొత్తం 400 మి.లీ.లో ఆల్కహాల్ 54 మి.లీ., అంటే 42.6 గ్రాములు.

విస్కీ 42.8 శాతం. రెండు అరవైలు కలిపి 120 మి.లీ. అందులో ఆల్కహాల్ 51.4 మి.లీ., అంటే 40.5 గ్రాములు.

41, 42.6, 40.5. వైన్ లేబుల్‌కున్న వెసులుబాటు ఒక్కటి చాలు, ఈ తేడాలు కనుమరుగు కావడానికి. పేర్లు మాత్రం ఒకటి, రెండు, రెండు. ‘బీరే కదా’ అనే మాటలోని లోపం ఇక్కడ బయటపడుతుంది. బీరులో శాతం తక్కువన్నది నిజమే, కానీ సీసా పెద్దది. 8 శాతం బీరు శాతంలో విస్కీలో ఐదో వంతు కూడా లేదు. అయితే సీసా 60 మి.లీ. పెగ్గుకు దాదాపు పదకొండు రెట్లు. ఈ రెండూ గుణించుకుంటే ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానమవుతుంది.

అదే సీసాలో 5 శాతం లైట్ బీరు ఉండి ఉంటే 25.6 గ్రాములే అయ్యేది. సీసా ఆకారం, సైజు, చల్లదనం అన్నీ ఒకటే. లేబుల్ మూల చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క అంకె వల్ల 15 గ్రాములు మారిపోయాయి. అందుకే బీరు తాగేవాళ్లు సీసాల సంఖ్య చెప్పేటప్పుడు శాతం కూడా చెప్పకపోతే ఆ సంఖ్యకు అర్థం ఉండదు.

నాలుగో మెట్టు: గ్లాసులో నిజంగా ఎంత పడుతోంది

శాతం ఎవరో కొలిచి అచ్చువేసి ఇచ్చారు. పోసే పరిమాణం మాత్రం మీ చేతిలో ఉంటుంది, అదీ కంటి అంచనాతో. లెక్క చెడేది ఎక్కువగా ఇక్కడే.

సీసా మొత్తం తాగేసే బీరుకు ఈ సమస్య లేదు, సైజు సీసా మీదే ఉంటుంది. గ్లాసులో, మగ్గులో పోసి ఇస్తే మాత్రం ఆ మగ్గు ఎంత పడుతుందో అడగాలి. ‘పింట్’ అన్నా సరిపోదు. బ్రిటిష్ పింట్ 568 మి.లీ., అమెరికా పింట్ 473 మి.లీ. 5 శాతం బీరైతే మొదటిది 22.4 గ్రాములు, రెండోది 18.7.

విస్కీ గ్లాసు దగ్గర చిన్న రేఖాగణితం పనికొస్తుంది. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న గ్లాసు తీసుకోండి. లోపలి వ్యాసం 7 సెం.మీ. ఉందనుకుందాం. అందులో 1 సెం.మీ. ఎత్తు పోస్తే 38 మి.లీ.కి పైనే పడుతుంది. అంటే 30 మి.లీ. పెగ్గు ఆ గ్లాసులో ఒక సెంటీమీటరు కూడా లేవదు, చూడ్డానికి అడుగు తడిసినట్టే ఉంటుంది. ‘రెండు వేళ్లు’ అని కొలిచి పోస్తే, వేళ్ల మందం కలిపి 3 సెం.మీ. అనుకున్నా, లోపలి అడుగు నుంచి 115 మి.లీ. అవుతుంది. అది దాదాపు నాలుగు చిన్న పెగ్గులు. సన్నటి పొడుగాటి గ్లాసులో అదే 30 మి.లీ. ఎత్తుగా లేచి ఎక్కువగా కనబడుతుంది. అందుకే వెడల్పాటి గ్లాసులో చేయి తెలియకుండానే ఎక్కువ వంపుతుంది.

దీన్ని ఒక్కసారి సరిచూసుకుంటే చాలు. రోజూ వాడే గ్లాసే తీసుకుని, సీసాలో నీళ్లు నింపి, ఎప్పుడూ పోసుకునే ధోరణిలోనే పోయండి. ఆ నీటిని కొలత గీతలున్న పాత్రలోకి వంపి చూడండి. పాత్ర లేకపోతే వంటింటి డిజిటల్ కాటా మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, మళ్లీ నీళ్లతో తూచండి. నీరు గ్రాముకు మిల్లీలీటరు కాబట్టి కాటా చూపే గ్రాములే మి.లీ. నీటితో చేయమనడానికి కారణముంది: విస్కీనే తూచితే లెక్క తప్పుతుంది. 40 శాతం స్పిరిట్ 60 మి.లీ. తూకానికి 57 గ్రాముల దగ్గరే వస్తుంది. కొంచెం తక్కువ పడిందనుకుని మళ్లీ పోస్తారు. మూడు నాలుగు సార్లు కొలిచి సగటు తీసుకున్నాక, గ్లాసు బయట 30 దగ్గర, 60 దగ్గర చిన్న టేపు ముక్కలు అంటిస్తే ఇక అంచనాతో పనిలేదు.

వైన్ గ్లాసు ఇంకా మోసకారి. పెద్ద రెడ్ వైన్ గ్లాసులో అంచు దాకా పోస్తే అర లీటరు దాటుతుంది. 150 మి.లీ. అందులో పోస్తే గ్లాసు బొజ్జలో మూడో వంతు కూడా నిండదు, పోసినవాళ్లు పిసినారుల్లా కనిపిస్తారు. వైన్‌కు కొలత పాత్ర అక్కర్లేని పరీక్ష ఒకటుంది. 750 మి.లీ. సీసా ఎన్ని గ్లాసులకు అయిపోయిందో లెక్కపెట్టండి. ఐదు వస్తే ఒక్కోటి 150 మి.లీ. నాలుగైతే 187. మూడు గ్లాసులకే సీసా ఖాళీ అయితే ఒక్కోటి 250 మి.లీ. 13.5 శాతం వైన్‌తో అలాంటి గ్లాసు ఒకటి 26.6 గ్రాములు. మొదటి 150 మి.లీ. గ్లాసు 16 గ్రాములే.

ఇంకో పొరపాటు, గ్లాసు సగంలో ఉండగానే మళ్లీ నింపించుకోవడం. ఖాళీ అయినప్పుడే లెక్కపెట్టే అలవాటుంటే ఆ రాత్రంతా కలిపి ఒక్క గ్లాసే అవుతుంది! గ్లాసుల లెక్క పట్టు తప్పితే సీసాలో మిగిలింది కొలిచి మొత్తం నుంచి తీసేయడమే దారి.

ఐదో మెట్టు: ‘ఒక డ్రింక్’ అంటే ఎన్ని గ్రాములు

గ్రాములు వచ్చాయి కదా, వాటిని ‘స్టాండర్డ్ డ్రింకు’ల్లోకి మార్చడం ఒక్క భాగహారం. చిక్కల్లా ఏ అంకెతో భాగించాలన్నదే. స్టాండర్డ్ డ్రింక్ అంటే ప్రకృతి నిర్ణయించిన కొలత కాదు, ప్రతి దేశం తన సౌకర్యం కోసం గీసుకున్న గీత. బ్రిటన్‌లో ‘యూనిట్’ అంటే 8 గ్రాములు, ఇంకా సూటిగా చెప్పాలంటే 10 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్. ఆస్ట్రేలియాలో 10 గ్రాములు. అమెరికాలో 14 గ్రాములు.

13 శాతం వైన్ 750 మి.లీ. సీసాను తీసుకుందాం. అందులో 76.9 గ్రాముల ఆల్కహాల్ ఉంది. ఆ ఒక్క సీసాయే ఆస్ట్రేలియాలో 7.7 డ్రింకులు, బ్రిటన్‌లో 9.8 యూనిట్లు, అమెరికాలో 5.5 డ్రింకులు. ఆస్ట్రేలియాలో ఈ సంఖ్యను సీసా మీదే అచ్చువేయాలని నియమం. వేరే దేశంలో ఉన్నవాళ్లు ఆ అంకెను చూసి తమ దేశపు డ్రింకులనుకుంటే లెక్క తారుమారవుతుంది.

పరిమితులు చదివేటప్పుడు ఇది బాగా దెబ్బతీస్తుంది. బ్రిటన్ వైద్యాధికారులు 2016లో ఇచ్చిన సలహా వారానికి 14 యూనిట్లు మించవద్దని. ఎవరో దాన్ని ‘వారానికి 14 డ్రింకులు’ అని మార్చి రాస్తారు. చదివినవాళ్లు తమ గ్లాసుల్లో, తమ పెగ్గుల్లో 14 లెక్కపెట్టుకుంటారు. అసలు 14 యూనిట్లు అంటే 112 గ్రాములు. అమెరికా డ్రింకుల్లో అవి 8 మాత్రమే. 60 మి.లీ. విస్కీలుగా చూస్తే ఐదున్నర. మన బల్ల దగ్గరి స్ట్రాంగ్ బీరు సీసాలుగా చూస్తే మూడు కూడా కావు. యూనిట్లలోనో డ్రింకుల్లోనో ఏ అంకె కనబడినా ముందు దాన్ని గ్రాముల్లోకి తెచ్చుకోవడం మంచిదనేది ఇందుకే. ఫోనులోని లెక్కల యాప్ వాడేటప్పుడు కూడా అది ఏ దేశపు డ్రింకుతో భాగిస్తోందో సెట్టింగుల్లో చూడాలి.

10 గ్రాముల కొలత నాకు అన్నిటికంటే నచ్చుతుంది, పదితో భాగించడం ఎవరికైనా వచ్చు కాబట్టి. దానికో తిరగేసిన లెక్క కూడా ఉంది. 10 గ్రాముల ఆల్కహాల్ 12.67 మి.లీ. అవుతుంది. కాబట్టి 1267ను శాతంతో భాగిస్తే ఒక డ్రింకుకు ఎన్ని మి.లీ. పోయాలో వస్తుంది.

```
5 శాతం బీరు        253 మి.లీ.
8 శాతం బీరు        158 మి.లీ.
12 శాతం వైన్       106 మి.లీ.
13.5 శాతం వైన్      94 మి.లీ.
20 శాతం పోర్టు       63 మి.లీ.
42.8 శాతం విస్కీ     30 మి.లీ.
```

చివరి వరుస గుర్తు పెట్టుకోవడం తేలిక. 42.8 శాతం సరుకులో చిన్న పెగ్గు సరిగ్గా ఒక డ్రింక్, పెద్ద పెగ్గు రెండు. బీరు వరుసలు చూస్తే ఏ సీసా కూడా ‘ఒకటి’ కాదని తెలుస్తుంది. అమెరికా కొలతే కావాలంటే 1267 బదులు 1774 వాడండి. అప్పుడు 5 శాతం బీరుకు 355, 12 శాతం వైన్‌కు 148, 40 శాతం స్పిరిట్‌కు 44 మి.లీ. వస్తాయి. అక్కడి బొమ్మల్లో పక్కపక్కన పెట్టి చూపించే డబ్బా, గ్లాసు, చిన్న గ్లాసు ఈ మూడే. ఆ బొమ్మ నిజమయ్యేది పానీయాలు సరిగ్గా ఆ శాతాల్లో, ఆ కొలతల్లో ఉన్నప్పుడే. 8 శాతం బీరు డబ్బాను కూడా ఆ బొమ్మ ప్రకారం ఒకటి అని లెక్కేస్తే మొదట్లోనే 37.5 శాతం తగ్గించి చెప్పినట్టు.

కలిపి తాగితే

సోడా, నీళ్లు, ఐసు, జ్యూసు కలిపితే శాతం తగ్గుతుంది. గ్రాములు తగ్గవు. 60 మి.లీ. విస్కీలో 180 మి.లీ. నీళ్లు పోస్తే 240 మి.లీ. పానీయం, దాని శాతం సుమారు 10.7. అంటే తేలికపాటి వైన్‌లా తయారైంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి లోపలికి వెళ్లేది అదే 20 గ్రాములు. నీళ్లు ఎక్కువ కలిపితే నెమ్మదిగా తాగుతారేమో, అంతవరకే లాభం.

కాక్‌టెయిల్ అయితే లోపలికి వెళ్లే ప్రతి మద్యాన్నీ విడిగా లెక్కేసి కూడాలి. 45 మి.లీ. జిన్ 40 శాతం, 30 మి.లీ. వెర్మూత్ 16 శాతం అనుకుంటే, జిన్ నుంచి 18 మి.లీ., వెర్మూత్ నుంచి 4.8 మి.లీ., మొత్తం 22.8 మి.లీ. ఆల్కహాల్. 18 గ్రాములు, అంటే ఒక చిన్న గ్లాసులో దాదాపు రెండు డ్రింకులు. తియ్యగా ఉన్న కాక్‌టెయిల్‌లో నాలుక ఈ సంగతి చెప్పదు.

సొంతంగా పోసి కలిపేవాళ్లకు ఒక వింత ఎదురవుతుంది. 50 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్‌లో 50 మి.లీ. నీళ్లు పోస్తే 100 రాదు, 96 దగ్గర ఆగుతుంది. రెండు రకాల అణువులు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకోవడం వల్ల ఇలా అవుతుంది. తాగే గ్లాసు లెక్కలో ఈ తేడాను వదిలేయొచ్చు.

అలాగే ఆల్కహాల్ మీటరు ముంచి శాతం చూద్దామనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఆ తేలే గాజు పరికరం కొలిచేది సాంద్రతను. నీళ్లు, ఆల్కహాల్ మాత్రమే ఉన్న స్పిరిట్‌లో అది సరిగ్గా చెబుతుంది. బీరులో, తియ్యటి వైన్‌లో, లిక్యూర్ అనే తియ్యటి మద్యంలో చక్కెర సాంద్రతను పెంచేస్తుంది కాబట్టి మీటరు ఉన్నదానికంటే తక్కువ శాతం చూపిస్తుంది. వాటికి లేబులే దిక్కు.

‘ఆల్కహాల్ ఫ్రీ’ బీరు మాట కూడా చెప్పాలి. కొన్ని దేశాల్లో 0.5 శాతం దాకా ఉన్నా అలా అమ్మొచ్చు. 330 మి.లీ.లో అది 1.3 గ్రాములు. లెక్క కోసమైతే లేనట్టే. పూర్తిగా మానేసినవాళ్లు, మందుల వల్ల ఒక్క చుక్క కూడా పడనివాళ్లు మాత్రం 0.0 అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుంది

గ్రాములు చెప్పేది లోపలికి ఎంత వెళ్లిందన్నదే. రక్తంలో ఎంత తేలుతుందన్నది శరీర బరువు, ఒంట్లోని నీటి శాతం, ఆడా మగా అన్నది, కడుపు నిండా ఉందా ఖాళీయా, ఎంత వేగంగా తాగారు అనే వాటిమీద ఆధారపడుతుంది. బల్ల దగ్గర ముగ్గురి గ్రాములు సమానమైనా, విస్కీని పావుగంటలో తాగినవాళ్లకూ బీరును రెండు గంటలు తాగినవాళ్లకూ ఆ సమయానికి పరిస్థితి ఒకటి కాదు. స్టాండర్డ్ డ్రింక్ అనేది లెక్కపెట్టే గుర్తే తప్ప సురక్షితమైన మోతాదు కాదు, బండి నడపడానికి అనుమతి అంతకన్నా కాదు.

కాలం మాత్రం గ్రాములతో సూటిగా ముడిపడి ఉంటుంది. పెద్దవాళ్ల కాలేయం సాధారణంగా గంటకు 7 నుంచి 10 గ్రాములను తీసేస్తుంది. మనిషి మనిషికీ ఇది మారుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఈ వేగం పెరగదు. మన ముగ్గురిలో ఎవరికైనా 41 గ్రాములు పోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. రాత్రి పదకొండింటికి అలాంటి స్ట్రాంగ్ బీర్లు రెండు ముగించిన మనిషి దగ్గర 82 గ్రాములుంటాయి. గంటకు 7 గ్రాముల చొప్పున పోయే శరీరమైతే అవి పూర్తిగా పోవడానికి దాదాపు పన్నెండు గంటలు కావాలి. ఏడింటికి లేచి బండి తాళాలు తీసుకునే సమయానికి ఆ మనిషి ఒంట్లో సుమారు 26 గ్రాములు, అంటే ఒక లైట్ బీరు పెద్ద సీసా అంత ఆల్కహాల్, ఇంకా మిగిలే ఉండొచ్చు.